ఎనిమిదేళ్ల క్లయింటుకు రేటు పెంచుతూ మెయిల్: ఎలా రాయాలి, ఎప్పుడు పంపాలి?

ప్రశ్న: హనుమకొండలో హౌస్‌కీపింగ్ మనుషుల్ని పెట్టే చిన్న ఏజెన్సీ నడుపుతున్నాను. ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఎనిమిదేళ్లుగా 20 మందిని పంపుతున్నాం. నాకు మొట్టమొదటి కాంట్రాక్టు ఇచ్చింది అక్కడి అడ్మినిస్ట్రేటర్ సారే. ఇప్పటి మూడేళ్ల అగ్రిమెంటు మార్చి 31తో అయిపోతుంది. మనిషికి నెలకు రూ.16,500, జీఎస్టీ అదనం. సంతకం చేసిన రోజు వేతనం రూ.11,500 ఉండేది, ఇప్పుడు రూ.13,000 ఇస్తున్నాను. రేటు మాత్రం అదే. పైగా బిల్లు డబ్బులు 70, 80 రోజులకు గానీ రావు. ఈసారి రూ.18,000 అడుగుదామని జనవరిలోనే మెయిల్ రాసి పెట్టుకున్నాను, పంపడానికి చెయ్యి రావడం లేదు. కొత్తగా వచ్చిన ఫైనాన్స్ మేనేజర్ నాకు తెలియదు. సార్ నొచ్చుకుంటారేమో, వాళ్లు వేరే ఏజెన్సీని చూసుకుంటే మా 20 మంది గతేమిటో అని ఒకటే టెన్షన్. మా వారేమో "వారంలో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అని చివర్లో ఒక ముక్క పెట్టు, సరిపోతుంది" అంటున్నారు. మెయిల్ జత చేశాను, చూసి చెప్పగలరా?
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ మెయిల్ రెండుసార్లు చదివాను. మొత్తం 14 వాక్యాలున్నాయి. కొత్త రేటు 12వ వాక్యంలో వచ్చింది. అంతకుముందు సార్ చేసిన మేలు, కరోనా రోజుల్లో మీ మనుషులు పడ్డ కష్టం, పెరిగిన ధరలు, "తప్పుగా అనుకోవద్దు" అని మూడుసార్లు. సంతకం ఎప్పటిలోగా కావాలో ఎక్కడా లేదు. రూ.18,000 మీద జీఎస్టీ ఉందో లేదో కూడా లేదు.

మీ ఇబ్బందంతా ఇక్కడే ఉందనిపిస్తోంది. ఒకే కాగితంతో మీరు ఇద్దరు మనుషులతో మాట్లాడాలని చూస్తున్నారు. సార్‌తో మాట్లాడాల్సిన మాటలు వేరు. అవి ఫోన్‌లోనో, వీలైతే ఆయన గదిలో కూర్చునో చెప్పాల్సినవి. ఫైనాన్స్ మేనేజర్‌కు కావాల్సింది వేరు. పాత రేటెంత, కొత్తదెంత, ఎందుకు, ఎప్పటినుంచి, నేను ఏం చెయ్యాలి అన్నవే ఆయనకు అక్కర. ఎనిమిదేళ్ల అనుబంధం గురించి ఆయన చదివితే, ఈవిడ సిఫార్సు మీద నడుస్తోందనుకునే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి ముందు ఫోన్, తర్వాత మెయిల్. "సార్, అగ్రిమెంటు మార్చితో అయిపోతోంది. రేటు సవరించక తప్పడం లేదు. లెక్కంతా వేసి రేపు మెయిల్ పెడుతున్నాను, ఫైనాన్స్ వారిని కూడా అందులో కలుపుతున్నాను. మీకు ముందు చెప్పాలనిపించింది." ఇంతే. అంకె ఆయన అడిగితే చెప్పండి, ఫోన్‌లో బేరానికి మాత్రం దిగకండి. ఆయన నొచ్చుకునేదల్లా తన కింది మనిషి నోట ఈ సంగతి విన్నప్పుడే. నేనూ ఒకప్పుడు ఈ తప్పే చేశాను. పదేళ్ల క్లయింటుకు నేరుగా మెయిల్ పెట్టాను. రేటు గురించి ఆయన ఒక్క మాట అనలేదు, "ఒక ఫోన్ చేయలేకపోయావా?" అని మాత్రం అడిగారు.

ఇక లెక్క. దీన్ని మీరు కాగితం మీద వేసుకున్నట్టు లేదు. వేసుకుని ఉంటే మీ మెయిల్‌లో అంత బతిమాలడం ఉండేది కాదు.

మూడేళ్ల కిందట వేతనం రూ.11,500. దాని మీద యజమాని వాటాగా పీఎఫ్, దాని అడ్మిన్, బీమా ఛార్జీలతో కలిపి 13 శాతం, అంటే రూ.1,495. ఈఎస్ఐ 3.25 శాతం, రూ.374. బోనస్ 8.33 శాతం చొప్పున నెలకు రూ.958 పక్కన పెట్టాలి. అన్నీ కలిపితే రూ.14,327. రూ.16,500 బిల్లులో మీకు మిగిలింది రూ.2,173. అందులోంచే యూనిఫారాలు, సూపర్‌వైజర్, మీ ఆఫీసు, మీ బతుకు.

ఇప్పుడు వేతనం రూ.13,000. పీఎఫ్ రూ.1,690, ఈఎస్ఐ రూ.423, బోనస్ రూ.1,083. మొత్తం రూ.16,196. మిగిలేది మనిషికి రూ.304. ఇరవై మందికి నెలకు ఆరు వేల రూపాయల చిల్లర. మూడేళ్ల కిందట ఇదే 43 వేలు దాటేది. ఆసుపత్రికి మీరు చేస్తున్నది దాదాపు ఉచిత సేవ. సార్‌కు గానీ ఫైనాన్స్ వారికి గానీ ఇది తెలిసే అవకాశమే లేదు, ఎందుకంటే మీరెప్పుడూ బిల్లును విడగొట్టి చూపించలేదు. "మనిషికి 16,500" అని ఒకటే ముద్ద అంకె వేస్తూ వచ్చారు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. మన దగ్గర కనీస వేతనంలో ధరలను బట్టి మారే కరువు భత్యం, అంటే వీడీఏ, ఏటా రెండుసార్లు, ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. వేతనం వంద పెరిగితే పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్ కలిపి మీకు పడేది దాదాపు రూ.125. అంటే వేతనం ఇంకో రూ.250 పెరిగితే మీ రూ.304 ఎగిరిపోతుంది. అందుకే ఈసారి రూ.18,000 అని మళ్లీ ముద్దగా అడిగితే ఏడాదిన్నరలో ఇదే ఉత్తరం మళ్లీ రాస్తారు. అడగాల్సింది రేటు పెంపు ఒక్కటే కాదు, రేటు కట్టే పద్ధతి మారాలి. వేతనం, చట్టప్రకారం దాని మీద పడేవి ఎంతైతే అంత ఆసుపత్రి భరిస్తుంది. మీ సర్వీస్ ఛార్జీ మనిషికి రూ.1,800 అని స్థిరంగా ఉంటుంది. నేటి లెక్కకు 16,196 ప్లస్ 1,800, అంటే రూ.17,996. మీరు 18,000 అనుకున్నారు గానీ ఆ నాలుగు రూపాయలు సరిచేయకండి. విడగొట్టిన లెక్క కింద రూ.17,996 అని ఉంటే అది లెక్కలా కనిపిస్తుంది. రూ.18,000 అని ఉంటే బేరానికి వేసిన అంకెలా కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం మాట్లాడుకునే సౌకర్యం కోసం 18,000 అనే అంటాను.

ఫైనాన్స్ మేనేజర్ వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. ఇరవై మందికి ఇప్పుడు నెలకు రూ.3,30,000, కొత్త రేటుకు రూ.3,60,000. ముప్పై వేలే పెంచుతున్నామని మీరు అనుకుంటారు. ఆయన లెక్క అది కాదు. వైద్యసేవల మీద జీఎస్టీ లేదు కాబట్టి, మీరు వేసే 18 శాతాన్ని ఆసుపత్రి చాలావరకు వెనక్కి తీసుకోలేదు, అది వాళ్లకు నేరుగా ఖర్చే. ఆయన పుస్తకంలో రూ.3,89,400 కాస్తా రూ.4,24,800 అవుతుంది. పెంపు రూ.35,400. ఈ అంకె మీ మెయిల్‌లో మీరే రాస్తే, ఆయన దాన్ని తనంతట తాను కనుక్కుని చిరాకు పడే అవసరం ఉండదు. ఆసుపత్రులతో పనిచేసే చాలామంది ఇక్కడే "జీఎస్టీ అదనం" అని చిన్న అక్షరాల్లో రాసి చెడగొట్టుకుంటారు.

మెయిల్ ఇంగ్లీషులోనే పంపుతారని తెలుసు. వరుస మాత్రం ఇలా ఉంచండి:

*విషయం: హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు రెన్యువల్, ఏప్రిల్ 1 నుంచి. మార్చి 14 లోగా సంతకం కోసం*

*గౌరవనీయులైన అడ్మినిస్ట్రేటర్ గారికి, ఫైనాన్స్ మేనేజర్ గారికి,*

*మన ప్రస్తుత అగ్రిమెంటు మార్చి 31తో ముగుస్తుంది. ఏప్రిల్ 1 నుంచి మరో రెండేళ్లకు కొత్త అగ్రిమెంటు జత చేశాను. గడువు రెండేళ్లు కావడం కాక, మారిన అంశాలు మూడే. వాటిని రంగు వేసి గుర్తించాను. మిగతా క్లాజులన్నీ యథాతథం.*

*ఒకటి, రేటు. మనిషికి నెలకు రూ.16,500 నుంచి రూ.17,996. ఇందులో వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్ కలిపి రూ.16,196, మా సర్వీస్ ఛార్జీ రూ.1,800. ఇరవై మందికి జీఎస్టీతో కలిపి నెలవారీ బిల్లు రూ.3,89,400 నుంచి సుమారు రూ.4,24,700 అవుతుంది. విడి లెక్క రెండో జతలో ఉంది.*

*రెండు, వేతన సవరణ. ప్రభుత్వం వీడీఏ మార్చినప్పుడు, ఆ మేరకే, ఆ తేదీ నుంచే రేటు మారుతుంది. మా సర్వీస్ ఛార్జీ రెండేళ్లూ మారదు. పై రేటు నేటి వేతనం ప్రకారం వేసింది. ఏప్రిల్ 1 సవరణ వస్తే అదీ ఇలాగే కలుస్తుంది.*

*మూడు, చెల్లింపు. బిల్లు అందిన 30 రోజుల్లోగా.*

*ఏప్రిల్ డ్యూటీ చార్టు, కొత్త యూనిఫారాల ఆర్డరు మార్చి 16న ఖరారు చేయాలి. అందుకని మార్చి 14 లోగా సంతకం చేసిన ప్రతి ఇప్పించగలరు. ఏవైనా మార్పులు కావాలంటే ఫిబ్రవరి 25 లోగా చెబితే కూర్చుని మాట్లాడుకుందాం.*

ఇంతకు మించి ఒక్క వాక్యం కూడా వద్దు. కృతజ్ఞత చెప్పాలనుంటే చివర్లో ఒక్క ముక్క రాయండి, దాని వెంట "కానీ" రాకుండా చూసుకోండి.

ఇందులో "మిగతా క్లాజులన్నీ యథాతథం" అన్న మాట చిన్నదే గానీ పని చేసేది అదే. కొత్త మేనేజర్ అసలు భయం పెరిగిన ముప్పై ఐదు వేలు కాదు, ఇంకెక్కడో తనకు తెలియకుండా ఏదో మారిందేమోనన్నది. ఆ మాట రాశాక నిజంగానే ఇంకేమీ మార్చకూడదు. పంపే ముందు మెయిల్‌లో ఉన్న అంకె, అగ్రిమెంటులో ఉన్న అంకె, విడి లెక్కలో ఉన్న అంకె మూడూ ఒకటేనా అని వేలు పెట్టి చూసుకోండి. ఒక చోట 17,996, ఇంకో చోట 18,000 ఉంటే ఫైలు వెనక్కి వస్తుంది, రెండు వారాలు పోతాయి. మార్చి నెలలో ఏ ఫైనాన్స్ ఆఫీసుకూ ఊపిరి ఆడదు, కాబట్టి ఈ మెయిల్ ఫిబ్రవరి మొదటి వారం దాటకూడదు. మీ పాత అగ్రిమెంటులో రెన్యువల్‌కు ఇన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ఉందేమో ముందు అది చదవండి. ఉంటే నేను వేసిన తేదీలన్నీ దాని ప్రకారం వెనక్కి జరగాలి.

మీ వారి సలహా సంగతి. చాలామంది ఇలాగే అనుకుంటారు. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది, దాని ప్రకారం అంగీకారం స్పష్టంగా తెలియజేయాలి. అవతలివారు నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టని మీరు ఏకపక్షంగా రాసుకున్నా అది వాళ్లను కట్టిపడేయదు. అయితే కాగితం మీద సంతకమే ఉండాలనీ లేదు. "అంగీకరిస్తున్నాం" అని వాళ్లు మెయిల్‌లో జవాబిచ్చినా ఒప్పందం చెల్లుతుంది, ఐటీ చట్టంలో ఆ వెసులుబాటు ఉంది. చేతల ద్వారా కూడా అంగీకారం ఏర్పడుతుంది, ప్రమాదమంతా అక్కడే. ఏప్రిల్‌లో మీ మనుషులు డ్యూటీకి వెళ్లారు, మీరు కొత్త రేటుకు బిల్లు పెట్టారు, వాళ్లు పాత రేటు లెక్కన డబ్బు వేశారు, మీరు మొహమాటానికి ఊరుకున్నారు అనుకోండి. రెండు మూడు నెలలు అలా గడిస్తే, పాత రేటుకే కొనసాగడానికి మీరే ఒప్పుకున్నారని వాళ్లు వాదించవచ్చు. అలా తక్కువ పడితే ఆ రోజే రెండు వాక్యాల మెయిల్ పెట్టండి: "ఈ మొత్తాన్ని బిల్లులో కొంత భాగంగా జమ చేసుకున్నాం. మిగిలిన రూ.ఇంత బాకీగా ఉంది."

ఇప్పుడు వాళ్లు ఏమనవచ్చో చూద్దాం.

"ఒక్కసారే ఇంత కుదరదు, రెండు విడతలు చేయండి" అనే అవకాశం ఎక్కువ. ఏప్రిల్‌లో రూ.17,250, అక్టోబర్‌లో రూ.18,000 అనుకుంటే, ఆరు నెలల్లో మీకు తగ్గేది రూ.90,000. మొదటి అర్ధభాగంలో మనిషికి వెయ్యి పైచిలుకు మిగులుతుంది కాబట్టి బండి నడుస్తుంది. ఒక షరతు మీద ఒప్పుకోవచ్చు: వీడీఏ క్లాజు మొదటి రోజు నుంచే ఉండాలి. అది లేకుండా విడతలకు ఒప్పుకుంటే, అక్టోబర్ పెంపు అక్టోబర్ వీడీఏకే సరిపోయి మళ్లీ మొదటికొస్తారు. నన్నడిగితే, రూ.1,800ను రూ.1,500కు తగ్గించుకోవాల్సి వచ్చినా ఆ క్లాజును వదులుకోవద్దంటాను.

"బడ్జెట్ పెరగదు" అని గట్టిగా అంటే మనుషుల సంఖ్య తగ్గించే దారి ఉంది. 18 మంది, ఒక్కొక్కరికి రూ.18,000 అయితే నెలకు రూ.3,24,000. ఆసుపత్రి బిల్లు ఇప్పటికంటే తగ్గుతుంది, మీ మిగులు ఆరు వేల నుంచి 32 వేలకు పెరుగుతుంది. కాగితం మీద అందంగా ఉంటుంది. కానీ ఇద్దరి పని మిగతావాళ్ల మీద పడుతుంది, ముఖ్యంగా రాత్రి డ్యూటీలో. ఏ అంతస్తు రోజుకు ఎన్నిసార్లు, ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ బయట ఎవరు అన్నది అగ్రిమెంటులో రాయకపోతే, 20 మంది పని 18 మందితో చేయించుకుంటారు, ఫిర్యాదులు మీకొస్తాయి. ఈ మాట మీరుగా ఎత్తకండి. ఆ ఇద్దరికి ఇంకో సైటులో చోటు చూపించగలిగితేనే ఒప్పుకోండి.

"ఇప్పటికి పాత రేటుకే మూడు నెలలు పొడిగిద్దాం, తర్వాత చూద్దాం" అనడం అన్నిటికంటే తేలిక, వినడానికి మర్యాదగానూ ఉంటుంది. ఆ మూడు నెలలకు మీకు మిగిలేది, వీడీఏ కదలకపోతేనే, 18 వేల రూపాయలు. కదిలితే చేతి నుంచి పెట్టుకోవాలి. తప్పనిసరైతే, కొత్త రేటు ఎప్పుడు ఖరారైనా ఏప్రిల్ 1 నుంచే వర్తిస్తుంది, తేడా తర్వాత చెల్లిస్తాం అని వాళ్ల చేత రాయించుకుని పొడిగించండి. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఇష్టపడకపోతే వాళ్ల ఉద్దేశం అర్థమైపోయినట్టే.

వేరే ఏజెన్సీని చూసుకోవడం కూడా జరగవచ్చు. మీకంటే తక్కువకు ఎవరో ఒకరు వస్తారు. అప్పుడు పీఎఫ్ చలాన్లు, ఈఎస్ఐ చలాన్లు మీ బలం. కాంట్రాక్టర్ ఇవి ఎగ్గొడితే బాధ్యత అసలు యజమాని అయిన ఆసుపత్రి మీదకే వస్తుంది, ఫైనాన్స్ వారికి ఇది బాగా తెలుసు. అందుకే ఎవరినీ వేలెత్తి చూపకుండా, గత 12 నెలల చలాన్లను మెయిల్‌కు జత చేయండి చాలు. రూ.16,000కు మనిషిని ఇస్తానన్నవాడు ఆ రూ.13,000 వేతనం మీద దేన్ని ఎగ్గొడుతున్నాడో ఆయనే లెక్క వేసుకుంటారు. ఒకవేళ నిజంగానే కాంట్రాక్టు పోతే, మీ 20 మందిలో చాలామందిని వచ్చే ఏజెన్సీయే తీసుకోవడం ఈ రంగంలో మామూలు. ఆసుపత్రి పని తెలిసిన మనుషుల్ని ఎవరూ వదులుకోరు. మీరు భయపడుతున్నంత వాళ్లకు జరగకపోవచ్చు. దెబ్బ పడేది మీ మీదే, దానికి సిద్ధంగా ఉండాలి. మనుషుల్ని ఆపేస్తామన్న బెదిరింపు మాత్రం నోటి వెంట రానివ్వకండి. అది ఆసుపత్రి. రోగుల మధ్య ఒక్క షిఫ్టు ఆగినా ఎనిమిదేళ్ల పేరు ఆ రోజే పోతుంది.

70, 80 రోజుల బాకీ గురించి. చిన్న సంస్థలు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మీకు ఉందో లేదో రాయలేదు. లేకపోతే మెయిల్ కంటే ముందు అది చేసుకోండి, ఆన్‌లైన్‌లో ఉచితం. సూక్ష్మ, చిన్న సంస్థలకు రాసుకున్న గడువులోగానే చెల్లించాలి, ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. అసలు గడువే రాసుకోకపోతే 15 రోజులే. దాటితే వడ్డీ పడుతుంది. 2023 బడ్జెట్‌తో వచ్చిన మార్పు వల్ల, అలా ఆలస్యం చేసిన మొత్తాన్ని నిజంగా చెల్లించే దాకా కొనుగోలుదారు ఆదాయపన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించుకోలేరు. ఇదంతా మెయిల్‌లో రాయకండి, నోటీసు ఇచ్చినట్టుంటుంది. ఉద్యమ్ నంబరును బిల్లు పైన, మెయిల్ సంతకం కింద వేయండి. మార్చి 31 దగ్గర పడుతుంటే ఆ నంబరున్న బిల్లుల్ని ఫైనాన్స్ వారే వెతుక్కుంటారు.

మార్చి 14కి సంతకం రాకపోతే 15న మెయిల్ వద్దు. వెళ్లి కలవండి. ఆ రోజుకి అగ్రిమెంటు రెండు ప్రతులు ప్రింటు తీసి, సర్వీస్ ఛార్జీ గడి ఖాళీగా ఉంచి తీసుకెళ్లండి. రూ.1,800 నుంచి రూ.1,500 దాకా ఎక్కడ కుదిరినా, మొత్తాన్ని సరిచేసి అక్కడికక్కడే పెన్నుతో నింపి, ఇద్దరూ పక్కన పొట్టి సంతకాలు పెట్టవచ్చు. కుదిరిన అంకెను ఇంటికొచ్చిన వెంటనే ఇద్దరికీ ఒకే మెయిల్‌లో రాసి పంపండి, సార్ పేరు ముందు ఉండేలా.